అద్దె ఇంట్లో గ్యాసు పొయ్యి



గుంటూరు మిర్చి యార్డుకు దగ్గరి పేటల్లో అద్దెకు ఉండే కూలి కుటుంబాలు చాలా ఉన్నాయి. కొందరు ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతారు. ఊళ్లో ఉన్నప్పుడు పత్తికట్టెతో వంట చేసుకునేవాళ్లు. చేలో పత్తి అయిపోతే కట్టె ఊరికే దొరికేది. పట్నంలో ఒక్క గది. అందులో కట్టె ఎక్కడ పెట్టుకుంటారు? పొగ వస్తే ఇంటావిడ ఊరుకుంటుందా? "గోడలన్నీ మసి అవుతున్నాయమ్మా" అంటుంది. అందుకే గ్యాసు కావాలి.

గ్యాసు ఏజెన్సీ వాళ్లు ముఖ్యంగా రెండు సంగతులు అడుగుతారు. "నువ్వెవరు? ఎక్కడ ఉంటున్నావు?" మొదటిదానికి ఆధార్ కార్డు చూపిస్తే సరిపోతుంది. చిక్కంతా రెండోదాని దగ్గరే. కార్డు మీద ఊరి చిరునామా ఉంటుంది. మనిషి ఉండేది గుంటూరులో. అందుకని ఈ ఇంట్లో ఉంటున్నట్టు రుజువు కావాలి.

అద్దె ఒప్పంద పత్రం ఉంటే అదే రుజువు. కానీ ఒక్క గదికి పత్రం రాసేదెవరు? మాట మీదే ఇస్తారు. అప్పుడు ఇంటివాళ్ల కరెంటు బిల్లు తెమ్మంటారు. అది మూడు నెలలలోపుదై ఉండాలి. బిల్లు మీద ఇంటివాళ్ల పేరు ఉంటుంది కదా! "ఈమె మా ఇంట్లో అద్దెకు ఉంటోంది, గ్యాసు తీసుకుంటే మాకు అభ్యంతరం లేదు" అని ఉత్తరం కూడా అడుగుతారు. ఉత్తరం బిల్లుకు తోడు. బిల్లు లేకుండా ఒట్టి ఉత్తరం తీసుకుపోతే తిప్పి పంపుతారు.

ఒకామె సంగతి అనుకుందాం. తొడిమల పని చేసుకుంటుంది. ఇంటావిడ ముందు వాటాలో ఉంటుంది, ఈమె వెనక గదిలో. రెండింటికీ ఒకటే డోర్ నంబరు. ఒక సాయంత్రం వెళ్లి అడిగింది.

"పిన్నిగారూ, గ్యాసుకు కాగితం రాసిస్తారా?"

"అమ్మో, కాగితాలా! వద్దమ్మాయ్. రేపు ఇల్లు నాదంటే?"

"గ్యాసు కాగితంతో ఇల్లు ఎట్లా వస్తుంది పిన్నిగారూ?"

"అదొక్కటే కాదు. మా నంబరు మీద ఇంకో గ్యాసు తీసుకుంటే మాది ఆపేస్తారు. అప్పట్లో మా తోడికోడలుకు అట్లాగే అయింది."

ఇంటావిడ మాటను కొట్టిపారేయకూడదు. 2012లో గ్యాసు కంపెనీలు ఒకే ఇంటి చిరునామా మీద ఉన్న కనెక్షన్లన్నీ ఏరి చూశాయి. అనుమానం వచ్చినవి ఆపేశాయి. వివరాలు రాసిచ్చి, వంటిళ్లు వేరని చూపినవాళ్లకు మళ్లీ ఇచ్చాయి. ఆ భయం ఇళ్లవాళ్లలో ఇంకా పోలేదు.

అసలు నిబంధన ఏమిటి? ఒక కుటుంబానికి ఒక కనెక్షన్. కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు, వాళ్ల మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు. వాళ్లంతా ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో వండుకుని తినాలి. అద్దెకున్నామె కుటుంబం వేరు, పొయ్యి వేరు. కాబట్టి డోర్ నంబరు ఒకటే అయినా ఇద్దరూ గ్యాసు తీసుకోవచ్చు. కాకపోతే ఆ సంగతి ఉత్తరంలో ఉండాలి. చాలామంది రాసే ఉత్తరాల్లో ఉండనిది ఈ ఒక్క ముక్కే.

అద్దెకున్నామె ఇదంతా ఏజెన్సీలో అడిగి తెలుసుకుంది. మళ్లీ వెళ్లింది. ఈసారి ఉత్తరం తానే రాసుకుని తీసుకెళ్లింది. సంతకం పెట్టేవాళ్లకు చదువుకోవడానికి ఏదైనా చేతిలో ఉంటే భయం సగం తగ్గుతుంది. ఉత్తరం ఇట్లా ఉంది:

"గ్యాసు ఏజెన్సీ వారికి. ఫలానా డోర్ నంబరు గల ఇల్లు నాది. ఇంటి వెనక గదిలో ఫలానా ఆమె తన కుటుంబంతో ఫలానా నెల నుంచి అద్దెకు ఉంటోంది. ఆమె కుటుంబం వేరు, వంటిల్లు వేరు. నా ఇంట్లో నా పేరున గ్యాసు కనెక్షన్ ఉంది. అది ఆమెది కాదు. ఆమె తన పేరున కొత్త కనెక్షన్ తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఈ ఉత్తరం గ్యాసు కోసం మాత్రమే. దీనివల్ల ఇంటి మీద ఆమెకు ఏ హక్కూ రాదు."

కింద తేదీ, ఇంటావిడ సంతకం, ఫోను నంబరు.

చివరి రెండు వాక్యాలు ఇంటావిడ కోసం రాసినవి. అవి చదివి ఆమె కళ్లజోడు తీసింది. "ఇట్లా అయితే సరే" అంది. సంతకం పెట్టి, కరెంటు బిల్లు నకలు ఇచ్చింది.

అయినా ఏజెన్సీలో కాగితాలు ఆగిపోయాయి. ఎందుకు? రెండు తప్పులు దొరికాయి. బిల్లు ఇంటావిడ మామగారి పేరున ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఉత్తరం మీదేమో ఇంటావిడ సంతకం. ఈ ఇల్లు సంతకం పెట్టినామెదే అని ఎట్లా తెలుస్తుంది? ఆమె పేరున ఉన్న ఇంటి పన్ను రసీదు నకలు జతచేస్తే ఆ చిక్కు తీరింది. రెండో తప్పు ఇంకా చిన్నది. డోర్ నంబరు రాయాల్సిన చోట కరెంటు సర్వీసు నంబరు రాసింది. బిల్లు మీద పెద్ద అక్షరాల్లో కనబడేది అదే మరి! ఇంటి పన్ను రసీదు చూసి దిద్దుకుంది. కొన్ని వీధుల్లో గోడ మీద పాత నంబరు, రసీదులో కొత్త నంబరు ఉంటాయి. అప్పుడు రెండూ రాయాలి. లేకపోతే సిలిండరు తెచ్చే అబ్బాయికి ఇల్లు దొరకదు.

ఇంటివాళ్లు ససేమిరా అంటే? పేద కుటుంబాలకు ఇంకో దారి కూడా పెట్టారు. కేంద్ర ప్రభుత్వం 2016 మే 1న ఉజ్జ్వల పథకం తెచ్చింది. రెండో విడత 2021 ఆగస్టు 10న మొదలైంది. ఆ విడతలో వలస వచ్చినవాళ్లకు ఒక వెసులుబాటు ఇచ్చారు. చిరునామా రుజువు లేకపోయినా, తాను ఎక్కడ ఉంటోందో తానే రాసి సంతకం పెట్టి ఇవ్వవచ్చు. అయితే ఆ కుటుంబంలో ఎవరి పేరునా గ్యాసు ఉండకూడదు. పథకం కింద కనెక్షన్లు అన్ని వేళలా ఇవ్వరు. ఇస్తున్నారా లేదా అని ఏజెన్సీలో ముందే అడగాలి.

ఇక డబ్బు. మామూలు కనెక్షన్‌కు 2022 జూన్‌లో సవరించిన లెక్క ప్రకారం 14.2 కిలోల సిలిండరుకు డిపాజిట్ 2,200 రూపాయలు, రెగ్యులేటరుకు 250 రూపాయలు. గ్యాసు ధర, గొట్టం, బిగింపు ఖర్చు వేరు. స్టవ్ కూడా ఏజెన్సీలోనే కొనాలని నిబంధన ఏమీ లేదు. ఐఎస్ఐ గుర్తు ఉన్నది ఎక్కడైనా కొనుక్కోవచ్చు. ఈ మాట తెలియక కొందరు అదనంగా కడుతున్నారు.

డిపాజిట్ కట్టినప్పుడు ఒక వోచరు ఇస్తారు. సిలిండరు, రెగ్యులేటరు ఆమె దగ్గర ఉన్నాయని రాసిన కాగితం అది. గ్యాసు వద్దనుకుని సిలిండరు, రెగ్యులేటరు అప్పజెప్పిన రోజున డిపాజిట్ తిరిగి వచ్చేది ఆ వోచరు మీదే. అందుకే దాన్ని ఇంటావిడ బీరువాలో పెట్టకూడదు, అద్దె బాకీకి తాకట్టు ఇవ్వకూడదు. ఎవరి పెట్టెలో వాళ్లే దాచుకోవాలి.

ఇల్లు మారితే సిలిండరు మోసుకుపోయి ఊరుకోకూడదు. అదే ఏజెన్సీ కిందికి వచ్చే పేట అయితే కొత్త చిరునామా రాయించుకోవాలి. వేరే ఏజెన్సీ పరిధి అయితే కనెక్షన్ అక్కడికి బదిలీ చేయించుకోవాలి. రెండింటికీ కొత్త ఇంటి రుజువు మళ్లీ అడుగుతారు. అందుకే కొత్త గదికి అడ్వాన్సు ఇచ్చే ముందే "గ్యాసుకు కరెంటు బిల్లు, ఉత్తరం ఇస్తారా?" అని అడగడం మంచిది. డబ్బు చేతిలో పడ్డాక ఆ మాట అడిగితే జవాబు వేరేగా ఉంటుంది.