‘చూద్దాం అన్నా’ అంటే ఏమిటి?

ఆగస్టు 9 దగ్గరపడుతోందంటే మా హాస్టల్‌కి సంఘం అన్నలు వస్తారు. "థింసాకి ఒకరు తగ్గారు, 10 రోజులు, రోజుకు 2 గంటలు" అంటారు. అడిగిన వెంటనే ఊ కొట్టవద్దనీ, రేపు చెబుతానని ఒక రాత్రి గడువు తీసుకోమనీ మేం మా పిల్లలకు చెబుతాం.

ఆ రాత్రి నోటుబుక్కులో లెక్క రాయిస్తాం. ఒక డిగ్రీ అమ్మాయి లెక్క చూడండి. కాలేజీ, స్టడీ అవర్, బట్టలుతుక్కోవడం పోగా సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు 1 గంట మిగిలింది. రెండు వారాలకు 12. ఒక ఆదివారం ఇంటికి వెళ్లాలి, రెండో ఆదివారం 4 గంటలు. మొత్తం 16. జ్వరానికో, అనుకోని పనికో 4 పక్కన పెట్టింది. చిన్న తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతానని ముందే మాటిచ్చింది, దానికి 6. మిగిలినవి 6 గంటలే, రిహార్సల్‌కు కావలసినవి 20.

ఇక చెప్పడం. మనలో చాలామంది "చూద్దాం అన్నా" అని తప్పించుకుంటాం. అవతలివాళ్లకు అది ఒప్పుకున్నట్టే వినపడుతుంది, వరుసలో మన చోటు ఖాళీగా ఉంచేస్తారు. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెబితే సాయంత్రం సంతలో కనపడతాం! ఆ అమ్మాయి గ్రూపులో మెసేజ్ పెట్టకుండా స్వయంగా వెళ్లి చెప్పింది: "అన్నా, నన్ను గుర్తుపెట్టుకుని అడిగారు, సంతోషం. ఈసారి రిహార్సల్‌కు రాలేను, పరీక్షలున్నాయి. చివరి రెండు రోజులు మూడేసి గంటలు స్టేజీ పనికి వస్తాను. దసరా తర్వాత అయితే ఆటకే పిలవండి."

అన్న ఆ పూటే ఇంకో అమ్మాయిని వెతుక్కున్నాడు.