కేకు తరుగుతో కేక్ పాప్స్: మా యూనిట్ అనుభవం
(మహాసభలో బేకరీ యూనిట్ సభ్యుల తరఫున చెప్పిన మాటలు)



పుట్టినరోజు కేకుల పైభాగం, అంచులు కోసి సమం చేసేటప్పుడు మాకు రోజూ తరుగు మిగిలేది. దాన్ని పొడి చేసి, క్రీము కలిపి, ఉండలు కట్టి, పుల్ల గుచ్చి, చాక్లెట్‌లో ముంచితే కేక్ పాప్స్ అవుతాయి. మొదటి ఆర్డరు 50. అందులో సగానికి పైగా పాడయ్యాయి. కొన్ని పుల్ల మీద నుంచి జారాయి, కొన్నిటికి పైపూత పగిలింది. ఆ డబ్బు మా చేతి నుంచే పోయింది. అందుకే ఎక్కడ తప్పామో మీకు చెప్తున్నాం.

జారడానికి కారణం క్రీము. కిలో పొడికి అర కిలో బటర్‌క్రీము ఒకేసారి వేసేశాం. ముద్ద మెత్తబడి, బరువెక్కి, పుల్లను పట్టుకోలేదు. ఇప్పుడు కిలో పొడికి 150 గ్రాములతో మొదలుపెట్టి, చెంచా చెంచా కలుపుతాం. ఎండిన కేకు ఎక్కువ అడుగుతుంది, తడి కేకు తక్కువ. సాధారణంగా 250 గ్రాముల లోపే సరిపోతుంది. సున్నుండ కట్టినట్టు పిడికిట్లో నొక్కి చూడండి. ఉండ విడిపోతే క్రీము చాలలేదు. చేతికి జిడ్డు అంటుకుంటే ఎక్కువైంది, ఇంకాస్త పొడి కలపండి. ఒక్కో ఉండ 25 గ్రాములు తూచి కడితే 50 దాకా వస్తాయి.

పుల్ల కొనను ముందు కరిగిన చాక్లెట్‌లో ముంచి, ఉండలో సగం దాకా గుచ్చి, గట్టిపడనివ్వాలి. అదే దాన్ని అతికించే జిగురు.

ఇక పగుళ్లు. తొందరలో ఉండల్ని ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టినవాటినే వేడి చాక్లెట్‌లో ముంచాం. పైపూత వెంటనే బిగుసుకుంది. లోపలి ఉండ తర్వాత వెచ్చబడి ఉబ్బింది. పూత పగలక ఏమవుతుంది? ఇప్పుడు ఫ్రీజర్ ముట్టుకోం. ఫ్రిజ్‌లో అరగంట పెట్టి, బయటకు తీసి ఐదారు నిమిషాలు ఆగుతాం. తాకితే చల్లగా, గట్టిగా ఉండాలి, రాయిలా ఉండకూడదు.

కాంపౌండ్ చాక్లెట్‌ను వేడినీటి గిన్నె మీద కరిగించి, మణికట్టు మీద చుక్క వేస్తే గోరువెచ్చగా అనిపించేదాకా చల్లారుస్తాం. చిక్కగా ఉంటే ఒక చెంచా నూనె కలుపుతాం. నీళ్లు, పాలు మాత్రం వద్దు, చుక్క పడినా గడ్డలు కడుతుంది. ఉండను నిటారుగా ఒక్కసారి ముంచి తీయాలి, తిప్పకూడదు. పుల్ల మొదలు దగ్గర పూత మూసుకుందో లేదో చూడాలి, ఖాళీ ఉంటే అక్కడి నుంచే నూనె కారుతుంది. చేయి మెల్లగా తట్టి ఎక్కువైంది రాల్చి, థర్మకోల్ దిమ్మెలో గుచ్చండి.

ఒక్క మాట. ఆ రోజు తరుగు ఆ రోజే వాడండి. పుల్లటి వాసన వచ్చిందంటే పారేయాల్సిందే, క్రీము ఆ వాసనను దాచలేదు. మొదట పది ఉండలు చేసి చూసుకుని, అప్పుడే ఆర్డరు పట్టండి. మేం 50తో మొదలుపెట్టి నేర్చుకున్నాం.