మాత్రకూ మాత్రకూ మధ్య ఎడం

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన సంఘాల్లో థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళున్నారు. గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తున్నారు. కడుపులో మంటకు తాగే గ్యాస్ సిరప్ కూడా చాలా ఇళ్ళల్లో ఉంటుంది. పని తొందరలో అన్నీ ఒకే గుక్కలో వేసేసుకుంటాం. ఏ మందుకు ఆ మందు మంచిదే. కలిపి వేసుకున్నప్పుడే ఒకటి ఇంకోదానికి అడ్డం పడుతుంది. ఈరోజు మేము చెప్పదలచింది అదొక్కటే.

అడ్డం ఎలా పడుతుందో చూడండి. కాల్షియం, ఐరన్, గ్యాస్ సిరప్‌లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం, ఇవన్నీ లోహాలు. థైరాయిడ్ మందు పేగుల్లో కరిగి రక్తంలోకి వెళ్ళాలి. ఆ సమయంలో ఈ లోహాలు అక్కడ ఉంటే మందును పట్టుకుని అతుక్కుపోతాయి. అలా అతుక్కున్న మందు రక్తంలోకి వెళ్ళదు, విరేచనంతో బయటికి పోతుంది. థైరాయిడ్ మాత్రలో మందు చాలా కొంచెం, 50 లేదా 100 మైక్రోగ్రాములు ఉంటుంది. కాల్షియం మాత్రలో 500 మిల్లీగ్రాములు. అంటే 100 మైక్రోగ్రాముల మందుకు ఐదు వేల రెట్లు. అంత కాల్షియం ముందు ఆ కొంచెం మందు నిలబడుతుందా?

అందుకే థైరాయిడ్ మాత్రకూ ఈ మూడింటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌కీ కాల్షియానికీ కూడా ఒకదానితో ఒకటి పడదు. వాటి మధ్య కనీసం రెండు గంటలు ఉంచాలి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అయిదో నెల గర్భిణి అయిన ఒక చెల్లెలికి థైరాయిడ్ కూడా ఉందనుకుందాం. ఆమెకు రోజుకు థైరాయిడ్ మాత్ర ఒకటి, ఐరన్ ఒకటి, కాల్షియం రెండు రాశారు. పొద్దున 6 గంటలకు లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర మంచినీళ్ళతో వేసుకోవాలి, పాలతో, టీతో కాదు. అరగంట నుంచి గంట ఆగాక టీ, టిఫిన్. మధ్యాహ్నం పన్నెండున్నరకు అన్నంతోపాటు ఒక కాల్షియం. సాయంత్రం 4 గంటలకు ఐరన్ మాత్ర, నిమ్మకాయ నీళ్ళతో అయితే ఒంటికి బాగా పడుతుంది. టీ కూడా ఐరన్‌ను అడ్డుకుంటుంది కాబట్టి ఆ తర్వాత గంటదాకా టీ వద్దు. రాత్రి 8 గంటలకు అన్నంతో రెండో కాల్షియం. మాత్రలు నాలుగే, వేళలు కూడా నాలుగే. గోడమీద రాసి పెట్టుకుంటే అత్తగారో, పిల్లలో గుర్తు చేస్తారు.

కలిపి వేసుకుంటే ఏమవుతుంది? వెంటనే ఏమీ తెలియదు, వాంతి రాదు, నొప్పి రాదు. అదే దీంతో వచ్చిన చిక్కు. నీరసం, మలబద్ధకం, ఒళ్ళు బరువెక్కడం మళ్ళీ మొదలవుతాయి. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగి కనిపిస్తుంది. వేళలు డాక్టరుకు తెలియకపోతే మందు చాల్లేదనుకుని డోసు పెంచుతారు. ప్రసవమయ్యాక కాల్షియం మానేస్తే ఆ పెంచిన డోసు ఎక్కువైపోయి గుండెదడ, చేతులు వణకడం వస్తాయి. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ హార్మోనే మొదటి నెలల్లో ఆధారం. అందుకని గర్భిణులు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. టీఎస్‌హెచ్ పెరిగిందని చెప్పగానే, "ఏ మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నాను" అన్నది డాక్టరుకు ముందుగా చెప్పండి.

ఇంకో రెండు మాటలు. బలం టానిక్కుల్లో, మల్టీవిటమిన్ బిళ్ళల్లో కూడా ఐరన్, కాల్షియం ఉంటాయి. సీసా మీద చూసి, లేదా మందుల షాపులో అడిగి వాటికీ అదే ఎడం పాటించండి. జ్వరానికో, మూత్రంలో మంటకో డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి మందులు రాసినా ఇదే చిక్కు ఉంది. లోపల ఉన్న సూక్ష్మజీవి చావదు, జబ్బు తగ్గదు. ఐరన్, కాల్షియం, గ్యాస్ సిరప్ వాడుతున్నామని అప్పుడు తప్పక చెప్పి, ఎన్ని గంటల ఎడమో అడిగి తెలుసుకోండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. ఇది విని భయపడి ఐరన్ గానీ, కాల్షియం గానీ, థైరాయిడ్ మాత్ర గానీ మానెయ్యొద్దు. మార్చాల్సింది వేళలే, మందులు కాదు. ఇంటికి వెళ్ళాక మాత్రలన్నీ ఒక పళ్ళెంలో పెట్టి, ఏది ఏ వేళకో రాసుకోండి. రాయడం రాకపోతే వచ్చే సంఘం మీటింగుకు వాటిని తెచ్చుకోండి, ఆశా కార్యకర్తతో కలిసి కూర్చుని రాసిస్తాం.

సెలవు.