ఒకే పంక్తిలో పప్పు, మాంసం

(మంగంపేటలో చేసిన ప్రసంగ పాఠం)



మన ముగ్గురాయి గనుల్లో మధ్యాహ్నం అందరూ పక్కపక్కనే కూర్చుని క్యారియర్లు విప్పుతారు. ఒకరిది సంగటి, చెనిక్కాయల చట్నీ, మరొకరిది ఖీమా. "ఏం సామీ, ఈరోజు కూడా గడ్డేనా?" అని ఒకరంటే, "ఏం భాయ్, మాకు వాసన చూపించి చంపుతావా?" అని మరొకరంటారు. ఇద్దరూ నవ్వుతారు. ఇందులో తప్పేమీ లేదు. ఆ మాట కూర మీద పడింది, మనిషి మీద పడలేదు.

"మీకు జాలి ఉండదు", "పప్పు తినేవాడికి ధైర్యమెక్కడిది" అన్నప్పుడు మాట కూరను దాటి మనిషి గుణానికి, వాని కులమతాలకు తగులుతుంది. తగిలిందని తెలుసుకోవడం కష్టం కాదు. అతడు నవ్వుతాడు గాని, తిరిగి చమత్కరించడు. మరునాడు క్యారియర్ దూరంగా విప్పుతాడు. "అది ఏ మాంసం?" అన్న ప్రశ్న మరీ బరువైనది. 2015లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రిలో ఇటువంటి పుకారే ఒక మనిషి ప్రాణం తీసింది. ఆ సంగతి తెలిసినవాడు దానిని హాస్యంగా వినలేడు.

మన వైపు కూడా చూసుకోవాలి. మనం ఎక్కడైనా అల్పసంఖ్యాకులమే అనుకుంటాం. విస్తరి దగ్గర లెక్క వేరు. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. మన దావత్‌లో శాకాహారి ఒక్కడే కూర్చుంటాడు. పదిమంది కలిసి ఆడించేది అతడినే.

బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఒక హదీసు ఇక్కడ గుర్తుకు వస్తుంది. హజ్రత్ మైమూనా (ర) ఇంట కాల్చిన ఉడుము మాంసం వడ్డించారు. ప్రవక్త (స) చేయి చాపగా, అదేమిటో అక్కడివారు ముందే చెప్పారు. ఆయన చేయి వెనక్కు తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని ఖాలిద్ బిన్ వలీద్ (ర) అడిగారు. కాదు, మా ప్రాంతంలో దొరకదు, అందుకే నాకు మనసు పోవడం లేదు అని భావం వచ్చేలా ఆయన బదులిచ్చారు. ఖాలిద్ (ర) దానిని తనవైపు లాక్కుని, ప్రవక్త (స) చూస్తుండగానే తిన్నారు. తిననివారు తినేవారిని తప్పుపట్టలేదు. తినేవారు తిననివారిని బలవంతపెట్టలేదు.

అదేమిటో ముందే చెప్పారన్నది మన వంటింటికి కావలసిన మాట. "ముక్క తీసేశాం, తిను" అని మిత్రుడిని మభ్యపెట్టి, తిన్నాక నవ్వడం పరిహాసం కాదు, మోసం. దాల్చాలో బొమికలు ఉడికితే, ముక్క ఏరివేసినా ఆ రసం అందులోనే ఉంటుంది. కనుక సొరకాయ దాల్చా వేరే గిన్నెలో వండించండి. బగారా అన్నం, బగారా బైంగన్ ఎలాగూ ఉంటాయి. వాటికి గరిటె వేరుగా పెట్టి, మాంసం వడ్డించే చేయి తగలకముందే ఆ విస్తరికి వడ్డించండి. ఆ తరువాత "సామీ, మీ వాటా ముక్కలు కూడా నాకే" అని ఎంతైనా ఆటపట్టించుకోండి.