లక్కపిడతలు అని వెతికితే మీ షాపు ఎందుకు రావట్లేదు?

ఈరోజు ఒక చిన్న ఆన్‌లైన్ షాపు తీసుకుందాం. కూర్మన్నపాలెంలో ఇంటి నుంచే ఏటికొప్పాక బొమ్మలు అమ్ముతున్నారనుకోండి. మొత్తం 40 బొమ్మలు, అన్నీ "మా ప్రొడక్ట్స్" అనే ఒకే పేజీలో పెట్టారు. ఎవరైనా గూగుల్‌లో "లక్కపిడతలు" అని కొడితే ఈ షాపు రాదు. ఎందుకు? ఆ మాటకి సమాధానంగా చూపించడానికి అక్కడ పేజీయే లేదు కదా!

అందుకే ముందు కేటగిరీ పేజీలు. లక్కపిడతలు, గిలక్కాయలు, బొంగరాలు, ఇలా జనం వెతికే పేరుకి ఒక్కో పేజీ చెయ్యండి. టైటిల్‌లో, పైన హెడ్డింగ్‌లో అదే పేరు ఉండాలి. కింద రెండు మూడు వాక్యాలు రాసి, ఆ తర్వాత బొమ్మల లింకులు ఇవ్వండి. హోమ్ పేజీ నుంచి కూడా ఈ పేజీకి లింకు ఉండాలి. ఒకటే బొమ్మ ఉంటే మాత్రం దానికి వేరే కేటగిరీ వద్దు, ఖాళీగా కనిపిస్తుంది.

ఇప్పుడు ప్రొడక్ట్ పేజీ. "సెట్ నంబర్ 7" అని పేరు పెడితే ఎవరికి అర్థమవుతుంది? "ఏటికొప్పాక లక్కపిడతలు, 12 ముక్కల సెట్" అని పెట్టండి. ధర, సైజు, స్టాక్, డెలివరీ ఖర్చు పైనే కనిపించాలి. అంకుడు కర్రతో చేసింది, లక్క రంగు వేసింది అని మీ మాటల్లో రాయండి. అన్ని బొమ్మలకీ ఒకే పేరా కాపీ కొడితే, ఏ పేజీ దేని గురించో గూగుల్‌కి తేడా తెలియదు. స్టాక్ అయిపోయి మళ్ళీ వచ్చేదైతే పేజీ డిలీట్ చెయ్యకండి. "స్టాక్ లేదు" అని పెట్టి ఉంచండి.

ఇక స్పీడు. ఫోన్‌లో తీసిన ఫోటో 4 ఎంబీ ఉంటుంది. అలాగే ఎక్కించేస్తే నెట్ సరిగా రాని చోట ఫోటో ఉండాల్సిన చోట చాలాసేపు ఖాళీయే కనిపిస్తుంది. వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చెయ్యండి. ఇంకో పొరపాటు ఏంటంటే, అన్ని ఫోటోలకీ లేజీ లోడింగ్ పెట్టేస్తారు. కింద ఫోటోలకి అది మంచిదే. పైన మొదట కనిపించే పెద్ద ఫోటోకి మాత్రం ఇలా ఉండాలి:

```html
<img src="lakkapidathalu.webp" width="1200" height="1200"
     alt="లక్కపిడతల సెట్" fetchpriority="high">
```

pagespeed.web.dev లో మీ లింకు వేసి మొబైల్ రిజల్ట్ చూడండి. LCP అంటే పేజీ తెరవగానే స్క్రీన్ మీద ఉండే అతిపెద్ద ఫోటో లేదా టెక్స్ట్ కనిపించడానికి పట్టే టైమ్. అది 2.5 సెకన్ల లోపు ఉంటే బాగున్నట్టే.

కానీ స్పీడు ఒక్కటే మిమ్మల్ని పైకి తేదు. కొన్ని వారాలు ఆగి సెర్చ్ కన్సోల్‌లో "లక్కపిడతలు" మాటకి ఏ పేజీ వస్తోందో చూడండి. కేటగిరీ పేజీ వస్తే దారిలో పడ్డట్టే. ఇంకా హోమ్ పేజీయే వస్తుంటే టైటిల్, లింకులు మళ్ళీ చెక్ చేసుకోండి.