మందు వేసుకున్నారా?

(మాతృభాషా దినోత్సవం సందర్భంగా సూరత్‌లోని అడాజన్‌లో జరిగిన తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాతృభాష గురించి మాట్లాడమన్నారు. నేను భాషా పండితురాలిని కాను, కౌంటర్లో కూర్చునే మనిషిని. అందుకే పెద్ద మాటల జోలికి పోకుండా మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి చెబుతాను.

నిరుడు చలికాలంలో మా అత్తయ్యగారు శ్రీకాకుళం నుంచి మా దగ్గరికి వచ్చారు. చెవి దిబ్బడగా ఉందంటే ఇక్కడే ఒక డాక్టరుకి చూపించాం. గుబిలి గట్టిపడిందని చెప్పి, అది మెత్తబడటానికి ఒక చుక్కల మందు, నొప్పికి మాత్రలు ఇచ్చారు. మర్నాడు నేను బ్రాంచికి వచ్చేశాక మధ్యాహ్నం ఫోన్ చేశాను.

"అత్తయ్యా, మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానమ్మా."

"ఆ చుక్కల మందు కూడా వేసుకోండి. నాలుగు చుక్కలు."

సాయంత్రం ఇంటికి వెళ్ళి ఎలా ఉందని అడిగితే, "మాత్ర బాగానే ఉంది గానీ ఆ చుక్కలు మహా చేదమ్మా. గ్లాసెడు నీళ్ళల్లో వేసుకుని తాగాను" అన్నారు.

నా గుండె జారిపోయింది. సీసా చేత్తో పట్టుకుని డాక్టరుకి ఫోన్ చేశాను. మందు పేరేమిటి, ఎన్ని చుక్కలు, ఎప్పుడు తాగారు, కడుపులో ఏమైనా తేడాగా ఉందా అని వరసగా అడిగారు. నాలుగు చుక్కలే కాబట్టి భయం లేదు, కనిపెట్టి చూడండి, వాంతి మాత్రం చేయించకండి అన్నారు. ఆవిడకి ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు ఆవిడది కాదు, నేను వాడిన క్రియది.

తెలుగులో మాత్ర 'వేసుకుంటాం'. కంట్లో చుక్కలు 'వేసుకుంటాం'. చొక్కా కూడా 'వేసుకుంటాం'. మూడింటికీ మాట ఒక్కటే, చేసే పని మాత్రం వేరు. ఎక్కడ వేసుకోవాలో చెప్పేది క్రియ కాదు, దాని ముందుండే మాట. 'చెవిలో' అనే ఆ ఒక్క మాట నేను మింగేశాను, అత్తయ్యగారు మందు మింగేశారు. అంతకు ముందు వాక్యంలో మాత్ర గురించి అడిగాను కదా, చుక్కలకీ ఆవిడ అదే అర్థం తీసుకున్నారు.

ఇదే మాట గుజరాతీలో మా పక్కింటావిడ చెప్పి ఉంటే ఈ పొరపాటు జరగడం కష్టం. మింగేదైతే వాళ్ళు దవా 'లేవీ' అంటారు, పానకం లాంటిదైతే 'పీవీ' అంటారు. చుక్కలైతే టీపాం 'నాఖ్‌వాం' అంటారు, అంటే లోపల వేయడం. నోటికి వెళ్ళేదానికీ చెవికి వెళ్ళేదానికీ క్రియలే వేరు. హిందీలో దవా 'ఖానా', అంటే తినడం. జపాన్‌లో మాత్రనైనా 'తాగుతారట'. ఇంగ్లీషువాళ్ళు దేన్నైనా 'టేక్' అంటారు, చుక్కలకి మాత్రం వాళ్ళూ వేరే క్రియ వాడతారు.

మన దగ్గర క్రియలు లేక కాదు. మాత్ర మింగండి, టానిక్కు తాగండి, లేహ్యం నాకండి, మలాం రాసుకోండి అని విడివిడిగా చెప్పవచ్చు. అయితే అక్కడా ఒక గోతి ఉంది. "డాక్టరు మోకాలికి మందు రాశారు" అంటే చీటీ మీద రాశారా, మోకాలి మీద రాశారా? "రాసుకున్నాను" అంటే అనుమానం తీరిపోతుంది. ఆ చివరనున్న 'కొను' చేసిన ఉపకారం అది.

ఈ 'కొను' సంగతి మన బ్యాంకువాళ్ళకి చెప్పనక్కర్లేదు. లింబాయత్ వైపు నుంచి నేతపని చేసే మనవాళ్ళు కౌంటరు దగ్గరికి వస్తారు. "డబ్బు వేయాలమ్మా" అంటే, ఊళ్ళో వాళ్ళకి పంపుతున్నారేమోనని, ఎవరి ఖాతాలో అని అడుగుతాను. "వేసుకోవాలి" అంటే ఆయన సొంత ఖాతాలోనే. ఆ 'కో' ఒక్కటే ఖాతా ఎవరిదో చెప్పేస్తుంది. "అత్తయ్యకి మాత్ర వేశాను" అంటే నేను ఇచ్చాను, ఆవిడ మింగారు. "మాత్ర వేసుకున్నాను" అంటే నేనే మింగాను. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో తెచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ 'కొను' గురించి వివరంగా ఉంది. చేసిన పని ఫలం చేసినవాడికే చెందుతుందని అది చెబుతుంది.

ఇక స్నానం. మా అబ్బాయి ఇక్కడ ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నాడు. ఒకరోజు "అమ్మా, నేను స్నానం తీసుకున్నాను" అన్నాడు. అత్తయ్యగారు నవ్వి, "ఎక్కడి నుంచి తీసుకున్నావురా, కొట్లో అమ్ముతున్నారా?" అన్నారు. ఇంగ్లీషులో స్నానాన్ని 'తీసుకుంటారు', విశ్రాంతినీ 'తీసుకుంటారు', ఫోటో కూడా 'తీసుకుంటారు'. మనం స్నానం చేస్తాం, విశ్రాంతి తీసుకుంటాం, ఫోటో తీస్తాం. ఒక్క 'టేక్' పెట్టిన చోట మూడు రకాలు. అందుకే పిల్లవాడు మాటకి మాట పెట్టుకుంటూ పోతే ఒకచోట సరిపోతుంది, ఇంకోచోట తప్పుతుంది. వాణ్ణి కోప్పడి లాభం లేదు. సరైన జత వినిపించాలి, అంతే.

అత్తయ్యగారు మాత్రం స్నానం అనరు, "నీళ్ళు పోసుకున్నావా?" అంటారు. వాడు బాల్చీలో నీళ్ళు ఎవరికి పోయాలా అని చూశాడు. మా తోడికోడలు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇదే మాటకి సిగ్గుపడిపోయింది. ఆడపిల్ల 'నీళ్ళోసుకుంది' అంటే కడుపుతో ఉందని అర్థం కదా! ఒకే క్రియ స్నానాల గదిలో ఒకటి, పేరంటంలో ఇంకొకటి. మళ్ళీ 'తలంటి పోసుకోవడం' అంటే ఏ తికమకా లేదు, నూనె, కుంకుడుకాయ కళ్ళ ముందుకు వచ్చేస్తాయి.

మా పక్కింటావిడ పొద్దున్నే వాళ్ళ పిల్లాణ్ణి "నాహీ లీధుం?" అని అడుగుతుంది. 'నాహ్‌వుం' అంటే స్నానం చేయడం, 'లేవుం' అంటే తీసుకోవడం. రెండూ కలిపితే 'స్నానం చేసేశావా' అని. మన 'కొను' కూడా అసలు తీసుకోవడమే, కొట్లో కొనడం కూడా అదే. అంటే 'తీసుకో' అన్నది వాళ్ళ వాక్యం చివరా ఉంది, మన వాక్యం చివరా ఉంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ముందుకు తెచ్చి మొత్తం బరువు దాని మీదే పెట్టారు. మనం తోకలా తగిలించి, అసలు పని పోయడమా, వేయడమా, రాయడమా అనేది ముందే చెప్పాం. ఈ మాట చెప్పాక మా అబ్బాయి 'తీసుకున్నాను' అనబోయి ఆగి, "చేసుకున్నా" అంటున్నాడు. అది కాస్త కొత్తగా వినిపించినా దారిలో పడ్డాడు.

మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి మందు సీసా మీద చిన్న కాగితం అంటించి, పెద్ద అక్షరాలతో తెలుగులో రాస్తాం. ముందు చోటు, తర్వాత క్రియ. 'చెవిలో వేసుకోవాలి.' 'నోట్లో వేసుకుని మింగాలి.' 'మోకాలికి రాసుకోవాలి.' ఫోన్లో చెప్పినా అదే వరస. చెప్పాక, "ఎక్కడ వేసుకుంటారు?" అని తిరిగి అడుగుతాను. "వేసుకున్నారా" అంటే ఎవరైనా అవుననే అంటారు, "ఎక్కడ" అంటేనే అసలు సంగతి బయటికి వస్తుంది.

మొన్న ఫోన్లో అలాగే అడిగాను. "కంట్లోనేనమ్మా, ఈసారి తాగలేదులే" అన్నారు మా అత్తయ్యగారు.