రాజీనామా చేసిన ఉద్యోగి సెలవుకు లెక్క కట్టడం
(సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు మాకు తరచు ఎదురయ్యే తగాదా ఒకటున్నది. ఒక సంఘంలో టెస్టరు రాజీనామా చేశాడు. సెలవు పుస్తకంలో 46 రోజుల ఆర్జిత సెలవు నిలువ ఉన్నది. మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 15,600 రూపాయలు. పాలకవర్గం 30తో భాగించి రోజుకు 520 అన్నది. అతడు 26తో భాగించి 600 అన్నాడు.

మేము ముందుగా సంఘం సర్వీసు నిబంధనలు తెప్పించాము. అందులో 30 అనే ఉన్నది. ఇంటి అద్దె భత్యం కలపరాదనీ, చివరి నెల వేతనమే ఆధారమనీ ఉన్నది. క్యాజువల్ సెలవుకు డబ్బు లేదు.

తర్వాత హాజరు పట్టీ చూశాము. చెల్లెలి పెండ్లికి వాడుకున్న 10 రోజులు సెలవు పుస్తకంలో ఎక్కలేదు. అసలు తప్పు అదే! మిగిలినవి 36 రోజులు, అంటే 18,720 రూపాయలు.

రాజీనామాకూ పదవీ విరమణకూ ఒకే లెక్క అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి రాజీనామా చేస్తే నిలువలో సగానికే, అదీ 150 రోజులకు మించకుండా, సొమ్ము వస్తుంది. ఈ సంఘం నిబంధనల్లో అటువంటి కోత లేదు గనుక 36 రోజులకూ చెల్లించారు. మీ సంఘం నిబంధనల్లో ఏమున్నదో, ఎవరైనా రాజీనామా ఇవ్వక ముందే చూచుకోండి.